ప్యాచ్ టెస్ట్ రోజునే అడగండి

ఇవాళ బ్యూటీపార్లర్ ప్రకటన గురించి మాట్లాడుకుందాం. ఫోన్‌లో వచ్చే 30 సెకన్ల వీడియో ప్రకటన. మీరు ఇలాంటివి చూసే ఉంటారు. మొదట ఒకావిడ దిగులుగా కూర్చుని ఉంటుంది. జుట్టుకు దువ్వెన తగిలినట్టుండదు. టపీమని పాట మారుతుంది. కుర్చీ గిర్రున తిరుగుతుంది. జుట్టు మెరుస్తూ ఉంటుంది, ఆవిడ నవ్వుతూ ఉంటుంది. కింద పార్లర్ పేరు, ఫోన్ నంబరు. ఒక్క మనిషి జుట్టులో వచ్చిన మార్పు మీద కట్టిన ప్రకటన ఇది. ఖర్చు తక్కువ, చూసేవాళ్ళు ఎక్కువ. అందుకే చిన్న ఊళ్ళో పార్లర్లు కూడా ఈ దారే పట్టాయి. అయితే చాలాచోట్ల పని జరిగే వరస ఒకటుంది. ముందు స్క్రిప్టు అనుకుంటారు. తర్వాత వీడియో తీస్తారు. అంతా అయ్యాక, బిల్లు కట్టే చోట, "మేడం, ఇది పెట్టుకోవచ్చా?" అని అడుగుతారు. ఆ వరస తలకిందులుగా ఉందని నేనంటాను. ముందు అడగాలి. ఆవిడ దేనికి ఒప్పుకుంటే దాన్నిబట్టి స్క్రిప్టు రాయాలి. అలా రాసిన స్క్రిప్టు చట్టానికి నిలబడుతుంది. అంతకన్నా ముఖ్యం, ప్రకటనగా కూడా అదే బాగా పనిచేస్తుంది. ఎప్పుడు అడగాలంటే, ప్యాచ్ టెస్ట్ చేసే రోజున. ఎందుకో చెబుతాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై దాటిన ఒక టీచరమ్మ అనుకోండి. చాలా ఏళ్ళుగా ఇంట్లోనే నల్లరంగు వేసుకుంటోంది. మధ్యమధ్య గోరింటాకు పొడి కూడా పెడుతుంది. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే రంగు వేసిన రెండు మూడు వారాలకే పాపిట దగ్గర తెల్లగీత బయటపడుతుంది. కింద కాటుక నలుపు, పైన తెలుపు, మధ్యలో గీసినట్టు హద్దు. ఆవిడకు తెల్లజుట్టు మీద కోపం లేదు. ఆ గీత మీదే విసుగు. "ఈ నెలనెలా గోల నాకొద్దు. తెలుపు వస్తే రానీ, గీతలా కనపడకుండా ఉంటే చాలు" అంటుంది. పార్లర్ వాళ్ళకు ఇది మంచి కేసు. మార్పు కంటికి ఆనుతుంది. పైగా ఇదే ఇబ్బంది ఊళ్ళో వందమందికి ఉంటుంది. ప్రకటనకు పనికొస్తుందని వెంటనే తడుతుంది. సరే. కానీ కెమెరా బయటికి తీసేముందు జుట్టు సంగతి చూడాలి.

చాలామంది ఏమనుకుంటారు? నలుపు మీద గోధుమరంగు వేస్తే గోధుమరంగు వస్తుందని. రాదు. నల్లచీరను గోధుమరంగు నీళ్ళలో ఎంతసేపు ముంచినా అది నల్లచీరే. జుట్టు కూడా అంతే. రంగు రంగును తీసెయ్యదు. లోపల కూర్చున్న నలుపును ముందు బ్లీచ్ పొడితో తేలిక చెయ్యాలి. ఆ పొడిని డెవలపర్‌లో కలుపుతారు. ఇలాంటి పనికి సాధారణంగా 20 వాల్యూమ్ డెవలపర్ వాడతారు, అంటే అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం. జుట్టును సన్నని పాయలుగా తీసి, ఫాయిల్ కాగితాల్లో పెట్టి, ఈ ముద్ద పూస్తారు. నలుపు ఒక్కసారిగా గోధుమరంగులోకి దిగదు. ఎరుపులోకి, ఆ తర్వాత నారింజలోకి వస్తుంది. ఆ నారింజను అణచడానికి నీలిఛాయ ఉన్న టోనర్ వేస్తారు. అప్పుడే మెత్తని గోధుమరంగు కనిపిస్తుంది. నల్లజుట్టు మధ్య ఇలా తేలికైన పాయలు అల్లుకుంటే, పైనుంచి వచ్చే తెలుపు వాటిలో కలిసిపోతుంది. తెలుపు పోదు. గీత పోతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. స్క్రిప్టులో మళ్ళీ వస్తుంది.

ఇక్కడ రెండు పరీక్షలున్నాయి. ఒకటి కుచ్చు పరీక్ష. మెడ వెనక నుంచి కొద్దిగా వెంట్రుకలు కత్తిరించి, కట్టి, అదే ముద్దలో పెట్టి చూస్తారు. ఆవిడ గోరింటాకు పొడి అంటోంది కదా. బజారులో దొరికే కొన్ని నల్ల హెన్నా పొడుల్లో లోహపు లవణాలు కలిసి ఉంటాయి. అవి పెరాక్సైడ్‌కు తగిలితే ముద్ద వేడెక్కుతుంది. ఒక్కోసారి పొగ కూడా వస్తుంది. అదే తలమీద జరిగితే? అందుకే కత్తిరించిన కుచ్చులో ముందు చూసుకోవాలి. వేడెక్కితే ఆ జుట్టుకు బ్లీచ్ వద్దు. వేడెక్కకపోయినా, తడి వెంట్రుకను లాగితే సాగిపోయి వెనక్కి రాకపోతే, అప్పుడూ వద్దు. రెండోది ప్యాచ్ టెస్ట్. వాడబోయే రంగు కొద్దిగా చెవి వెనకో, మోచేయి మడతలోనో రాసి 48 గంటలు చూస్తారు. ముదురు రంగుల్లో ఉండే పీపీడీ అనే పదార్థం కొంతమందికి పడదు. దురద, వాపు, దద్దుర్లు వస్తాయి. ఏళ్ళుగా రంగు వేసుకునేవాళ్ళకు కూడా ఒకనాడు హఠాత్తుగా పడకపోవచ్చు. కాబట్టి ఆవిడ ఇవాళ వస్తుంది, పరీక్ష చేయించుకుని వెళ్తుంది, రెండు రోజుల తర్వాత అసలు పనికి మళ్ళీ వస్తుంది.

ఈ రెండు రోజులే నాకు కావాల్సింది. జుట్టు ఏమంటుందో తెలియడానికి ఎలాగూ రెండు రోజులు ఆగుతున్నాం. ఆ మనిషి ఏమంటుందో తెలియడానికి కూడా అవే రెండు రోజులు ఇవ్వండి. అడగాల్సింది అప్పుడే. తలనిండా ఫాయిల్ కాగితాలు పెట్టాక అడిగారనుకోండి. ఆవిడ లేచి వెళ్ళలేదు. భుజాల మీద కేప్ ఉంది, జుట్టు మీ చేతిలో ఉంది. అప్పుడు చెప్పే "సరే" మనసులోంచి వచ్చే సరే కాదు. పోనీ అంతా అయ్యాక అడిగారనుకోండి. ఐదు గంటలు నిలబడి చేశారు, అద్దంలో బాగుంది, చుట్టూ పనిచేసే పిల్లలు నవ్వుతూ చూస్తున్నారు. వద్దంటే బాగుండదని తలాడిస్తుంది. మన దగ్గర మొహమాటానికి ఒప్పుకున్న పనులకు లెక్కలేదు. ఇంటికెళ్ళాక ఆయనో అత్తగారో "నిన్ను వీడియోలో పెట్టారేంటి?" అంటారు. అప్పుడు మొదలవుతుంది తంటా. అందుకని మళ్ళీ చెబుతున్నాను. పని మధ్యలో కాదు, పని అయ్యాక కాదు. ప్యాచ్ టెస్ట్ రోజున అడగండి. కాగితం ఇంటికి పంపండి. రెండు రోజులు ఆలోచించుకోనివ్వండి.

దీనికి పార్లర్ వాళ్ళ నుంచి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. "అంత తీరిగ్గా అడిగితే అందరూ వద్దనే అంటారండీ" అంటారు. కొందరు అంటారు. నిజమే. కానీ అలా వద్దనేవాళ్ళే, హడావిడిగా అడిగితే ఒప్పుకుని, వీడియో పెట్టాక తీసెయ్యమని పట్టుబట్టేవాళ్ళు. అప్పటికి మీరు ఎడిటింగ్ చేయించారు. డబ్బు కట్టి బూస్ట్ చేశారు. మీకు ఏది నష్టం? రెండో సంగతి, చాలామంది మొత్తంగా వద్దనరు. ఏదో ఒక భాగం వద్దంటారు. ముఖం వద్దంటారు, లేదా పేరు వద్దంటారు. ఇంకొకరు "వీడియో తీసుకోండి గానీ మా ఊరి కేబుల్ టీవీలో వెయ్యకండి" అంటారు. హడావిడిలో అడిగితే అవును, కాదు అనే రెండు జవాబులే వస్తాయి. తీరిగ్గా అడిగితే ఎంతవరకు అవునో తెలుస్తుంది. స్క్రిప్టు రాసేవాళ్ళకు పనికొచ్చేది ఆ ఎంతవరకు అన్నదే.

మరి ఆ కాగితంలో ఏముండాలి? పెద్ద పత్రం అక్కర్లేదు. సగం పేజీ తెలుగు చాలు. ఆవిడ చదివే భాషలో ఉండాలి, అదొక్కటే షరతు. ఏమేం తీస్తారో విడివిడిగా రాయండి. జుట్టు వెనక నుంచి మాత్రమేనా, ముఖం కూడానా, గొంతు కూడానా? ముఖ్యంగా పని మొదలుపెట్టక ముందు తీసే దృశ్యం. చాలామందికి ఇబ్బంది అక్కడే. జుట్టు బాగున్నప్పుడు కనపడటానికి అభ్యంతరం ఉండదు, బాగాలేనప్పుడు కనపడటానికి ఉంటుంది. దాని పక్కన వేరుగా ఒక టిక్కు పెట్టించుకోండి. తర్వాత, ఎక్కడ వాడతారు? ఇన్‌స్టాగ్రామ్‌లోనా, వాట్సాప్ స్టేటస్‌లోనా, పార్లర్ గోడ మీద ఫ్లెక్సీనా? డబ్బు కట్టి ప్రచారం చేస్తారా? ఎన్నాళ్ళు వాడతారు? ఒక ఏడాది అనండి, ఎప్పటికీ అనకండి. రంగు కంపెనీ వాళ్ళు అడిగితే ఇస్తారా? ఇవ్వాలంటే మళ్ళీ ఆవిడను అడిగాకే అని రాయండి. పోస్ట్ చేసేముందు ఆవిడకు చూపిస్తామని రాయండి. మనసు మారితే ఏ నంబరుకు మెసేజ్ పెట్టాలో, ఎన్ని రోజుల్లో తీసేస్తారో రాయండి. చివరగా ఒక నిజం కూడా రాయండి. మా పేజీలోంచి తీసేస్తాం గానీ, ఈలోపు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుంటే దాన్ని వెనక్కి తేలేం అని. ఈ మాట చాలామంది రాయరు. సంతకం తప్పిపోతుందని భయం. కానీ ఆ సంగతి తెలియకుండా పెట్టిన సంతకానికి విలువేముంది? తేదీ వేసి, సంతకం చేయించి, ఒక ప్రతి ఆవిడకు ఇవ్వండి.

డబ్బు సంగతి విడిగా చూద్దాం. "ఫ్రీగా చేస్తున్నాం కదా, వీడియోకు ఒప్పుకోవాలి" అంటారు కొందరు. మోడల్ కావాలని ముందే ప్రకటించి, ఉచితంగా చేస్తామని చెప్పి పిలిస్తే అందులో తప్పులేదు. వచ్చేవాళ్ళకు లెక్క ముందే తెలుసు. కానీ మామూలుగా డబ్బిచ్చి చేయించుకోవడానికి వచ్చిన మనిషికి, "వీడియోకు ఒప్పుకుంటే సగం తగ్గిస్తాం" అని బిల్లు దగ్గర చెప్పడం వేరు. ఆ టీచరమ్మకు రేటు ముందు చెప్పండి. వీడియోకు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా అదే రేటు అనండి. వీడియోకు పారితోషికం ఇవ్వాలనుకుంటే అది వేరుగా ఇచ్చి కాగితంలో రాయండి. ఇచ్చినట్టు ప్రకటనలో కూడా కనిపించాలి. ఉచితంగానో, డబ్బు తీసుకునో మాట్లాడే మనిషిని మామూలు కస్టమర్‌లా చూపిస్తే చూసేవాళ్ళను మోసం చేసినట్టే. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు కూడా అలాంటి సంబంధం ఉంటే బయటపెట్టమంటున్నాయి.

ఇంకో అభ్యంతరం ఉంది. ఇది బాగా వినిపిస్తుంది. "ముఖం చూపించట్లేదు కదండీ, ఇంక అనుమతి దేనికి?" అని. చిన్న ఊళ్ళో ముఖం ఒక్కటే గుర్తా? మెడలో నల్లపూసలు, చెవి దుద్దులు, భుజాన స్కూలు బ్యాగు, గొంతు. ఇవి చాలు. పక్కింటావిడ ఇట్టే పోల్చేస్తుంది. చట్టం సంగతికొస్తే, ఈ తగువు కొత్తదేం కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో అబిగైల్ రాబర్సన్ అనే అమ్మాయి ఉండేది. ఆమెను అడగకుండా ఆమె బొమ్మను ఒక గోధుమపిండి కంపెనీ వాళ్ళు 25 వేల ప్రకటన ప్రతుల మీద అచ్చేశారు. ఆమె కోర్టుకెళ్ళింది. 1902లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, నలుగురికి ముగ్గురి తేడాతో, అలాంటి హక్కేం లేదని కొట్టేసింది. జనం ఊరుకోలేదు. మరుసటి ఏడాదే, 1903లో, వ్యాపారానికి ఒకరి పేరుగానీ బొమ్మగానీ రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. గమనించారా? ఆ బొమ్మలో ఎగతాళి లేదు, బూతు లేదు. అందంగానే ఉంది. అడగలేదన్నదే గొడవ.

మన దేశంలో 1994లో ఆటో శంకర్ కేసుగా పేరుపడ్డ రాజగోపాల్ కేసు తీర్పు వచ్చింది. ఒకరి పేరునో రూపాన్నో వాళ్ళ అనుమతి లేకుండా ప్రకటనకు వాడితే వాళ్ళ గోప్యతకు భంగమేనని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. ఆ తర్వాత 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఆ చట్టం అనుమతి ఎలా ఉండాలంటుందో వినండి. బలవంతం ఉండకూడదు. ఏ పనికో స్పష్టంగా ఉండాలి. విషయం తెలిసి ఇవ్వాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. గోడకు "ఇక్కడ వీడియోలు తీయబడును" అని బోర్డు తగిలించి ఊరుకుంటే ఇవేవీ నెరవేరవు. ఇక 18 ఏళ్ళు నిండని అమ్మాయి అయితే ఆమె సరే చాలదు. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. పండగకు మనవరాలిని తీసుకొచ్చిన అమ్మమ్మ తలాడిస్తే సరిపోదు.

సరే, మన టీచరమ్మ దగ్గరికి వద్దాం. రెండు రోజుల తర్వాత వచ్చింది. చెవి వెనక ఏమీ లేదు. కుచ్చు కూడా వేడెక్కలేదు, తెగలేదు. కాగితం తెచ్చింది. ముఖం దగ్గర టిక్కు పెట్టలేదు. పిల్లలు చూస్తారు, తరగతిలో నవ్వుతారు. జుట్టు వెనక నుంచి తీసుకోవచ్చు. పాపిట తీసుకోవచ్చు. గొంతు పర్లేదు. పేరు వద్దు. పార్లర్ ఓనరు ఉస్సూరంటారు. ముఖం లేకుండా ప్రకటనేంటని. నేనేమంటానంటే, ఇది జుట్టు ప్రకటన. మీరు చూపించాల్సింది పాపిట మీద గీత. అది పైనుంచి కనపడుతుంది. పాయల్లో రంగు వెనక నుంచి కనపడుతుంది. ముఖం ఉంటే చూసేవాళ్ళ కళ్ళు నవ్వు మీదికి, లిప్‌స్టిక్ మీదికి పోతాయి. ముఖం వద్దనడంతో ప్రకటన అసలు విషయం మీద నిలబడింది. అనుమతే స్క్రిప్టు రాయిస్తుందని మొదట్లో అన్నాను కదా, అది ఇదే.

ఇప్పుడు స్క్రిప్టు. 30 సెకన్లలో తెలుగు ఎన్ని మాటలు పడతాయి? వార్తలు చదివినట్టు గబగబా చదివితే అరవై దాటొచ్చు. కానీ కంటికి చూసే వ్యవధి ఇవ్వాలి కాబట్టి నలభై అయిదు దాటనివ్వకండి. ఆవిడ మాటలు మీరు రాయకండి. ప్యాచ్ టెస్ట్ రోజున ఆవిడ తన ఇబ్బంది ఎలా చెప్పిందో అదే మాట రాసుకుని ఉంచుకోండి. నేను చదువుతాను, మీరు కళ్ళముందు ఊహించుకోండి. మొదట పాపిట పైనుంచి, దగ్గరగా. ఆవిడ గొంతు. "నెలనెలా నల్లరంగు. రెండు వారాలకే పాపిట్లో తెల్లగీత. విసుగొచ్చింది." తర్వాత చిన్న గిన్నెలో కత్తిరించిన కుచ్చు. బ్యూటీషియన్ గొంతు. "ముందు రెండు పరీక్షలు చేశాం." ఫాయిల్ విప్పుతున్న చేతులు. నారింజరంగు పాయ. "నలుపును పాయపాయగా తేలిక చేశాం. మధ్యలో ఇలా నారింజ అవుతుంది. టోనర్‌తో అణిచాం." ఇక్కడ నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడరు. అదే పాపిట, అదే ఎత్తు నుంచి. ఆవిడ వేళ్ళు జుట్టులోకి వెళ్తాయి. "తెలుపు పోలేదు. గీత పోయింది." చివర బ్యూటీషియన్. "ఐదు గంటలు పట్టింది. కొన్ని వారాలకు టోనర్ మళ్ళీ వెయ్యాలి. మీ జుట్టుకు కుదురుతుందో లేదో పరీక్ష చేశాకే చెబుతాం." అంతే. పార్లర్ పేరు, వీధి అక్షరాల్లో.

ఆ నారింజరంగు దృశ్యం ఎందుకని అడుగుతారు. చాలా ప్రకటనల్లో అది తీసేస్తారు. నల్లజుట్టు, చిటిక, గోధుమజుట్టు. దాంతో ఏమవుతుంది? రేపు ఇంకొకావిడ అదే కావాలని వస్తుంది. మధ్యలో అద్దంలో నారింజ తల చూసుకుని గుండెలు బాదుకుంటుంది. రెండో సిటింగ్ కావాలంటే మోసం చేశారంటుంది. దారి చూపించిన ప్రకటన ఆ తగువు రానివ్వదు. ముందు, తర్వాత అనే రెండు దృశ్యాలకూ ఒకే నియమం పెట్టుకోండి. ఒకే కుర్చీ, ఒకే లైటు, ఒకే ఎత్తు. రెండుసార్లూ జుట్టు ఆరి ఉండాలి, దువ్వి ఉండాలి. ముందు నూనె తలతో ట్యూబ్‌లైటు కింద, తర్వాత బ్లో డ్రై చేసి రింగ్ లైటు ముందు తీస్తే, మీరు చూపించింది రంగు కాదు. డ్రయ్యరును, లైటును చూపించారు. చూసే ఆడవాళ్ళకు ఇది తెలియదనుకోకండి. వాళ్ళు ఇంట్లో రోజూ తల దువ్వుకునేవాళ్ళే.

"ఐదు గంటలు, మళ్ళీ టోనర్, ఇవన్నీ చెబితే ఎవరొస్తారండీ?" ఇది చివరి అభ్యంతరం, గట్టి అభ్యంతరం. తేలిగ్గా కొట్టిపారెయ్యను. ఫోన్లు కొన్ని తగ్గుతాయి. గంటలో అయిపోవాలనుకునేవాళ్ళు రారు. కానీ వాళ్ళు వచ్చినా రేటు, సమయం విని వెనక్కి వెళ్ళేవాళ్ళే, లేదంటే సగంలో గొడవపడేవాళ్ళే. పార్లర్‌కు ఒక కుర్చీ ఐదు గంటలు పోయే పని ఇది. దానికి సరైన మనిషి రావడం ముఖ్యం. పైగా తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే అబద్ధం చెప్పడం ఒక్కటే కాదు. ముఖ్యమైన విషయం దాచడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది. తొలి తప్పుకే 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మరొకటి. తెలుగులో గొప్పలు చెప్పి, కింద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో "ఫలితాలు మారవచ్చు" అని వేస్తుంటారు. ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే షరతు కూడా ఉండాలని 2022 మార్గదర్శకాలు అంటున్నాయి. అందుకే షరతును బ్యూటీషియన్ గొంతుతోనే చెప్పించాను. చెవికి వినపడితే దాచినట్టు కాదు.

షూటింగ్ రోజు నుంచి పోస్ట్ చేసేదాకా మూడు పనులు మర్చిపోకండి. కెమెరా పెట్టగానే, ప్రకటనలోకి రాని ఒక ముక్క తీయండి. "ఇవాళ మీ జుట్టు, గొంతు రికార్డు చేస్తున్నాం. ముఖం తీయం. మీకు సమ్మతమేనా?" అని అడగండి. ఆవిడ తన మాటల్లో చెబుతుంది. అది దాచుకోండి. కాగితానికి బదులు కాదది, కాగితానికి తోడు. ఇక రెండోది, అద్దం. పార్లర్ అంటేనే అద్దాలు. ఆవిడ ముఖం తియ్యకుండా జాగ్రత్తపడి, ఎదురుగా అద్దంలో ఆ ముఖమే పడనిస్తే ఏం లాభం? వెనక కుర్చీలో ఫేషియల్ చేయించుకుంటున్న ఇంకొకావిడ కూడా పడుతుంది. ఆవిడ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అద్దం మీద గుడ్డ కప్పండి, లేదా కుర్చీని గోడవైపు తిప్పండి. మూడోది, ఎడిటింగ్ అయ్యాక ఆవిడకు పంపి, చూశాను, సరే అని మెసేజ్ వచ్చాకే పోస్ట్ చెయ్యండి. కింద రాసే వాక్యం కూడా చూపించండి. వీడియో బాగుండి, కింద "ముసలిదనానికి గుడ్‌బై" అని రాస్తే ఆవిడ నొచ్చుకుంటుంది. అసలు ఆవిడ తెలుపు పొమ్మనలేదు కదా.

ఆరేడు నెలల తర్వాత ఆవిడ నుంచి మెసేజ్ వచ్చిందనుకోండి. "దయచేసి తీసెయ్యండి" అని. కారణం అడగకండి. బతిమాలకండి. ముందు డబ్బు కట్టి నడిపిస్తున్న ప్రచారం ఆపండి, ఎందుకంటే పోస్ట్ వదిలేస్తే అది ఇంకా కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్తూనే ఉంటుంది. తర్వాత పోస్ట్ తీసెయ్యండి. పార్లర్ గ్రూపుల్లో, పనిచేసే పిల్లల ఫోన్లలో, ఎడిటింగ్ చేసినతని కంప్యూటర్లో ఉన్న ప్రతులు తీయించండి. కంపెనీకి పంపి ఉంటే వాళ్ళకూ రాయండి. ఎంతవరకు తీశారో ఆవిడకు ఒక మెసేజ్ పెట్టండి. కత్తిరించిన కుచ్చు, ఫాయిల్ విప్పే చేతులు, ఈ ముక్కలు వేరే ప్రకటనకు వాడుకుంటామంటే మళ్ళీ అడగండి. సరే అంటే వాడండి, వద్దంటే అవీ తీసెయ్యండి. గుమ్మం పక్కన ఎండకు వెలిసిపోతున్న ఫ్లెక్సీ ఉంటుంది చూడండి, అందరూ మర్చిపోయేది దాన్నే. ఆవిడ రోజూ స్కూలుకు ఆ దారినే వెళ్తుంది. ఆ పూటే దింపించండి.